అక్క మొహం పూరీ అయిన కథ: ఫోటో, సంతకం సైజుల సంగతి

పోయినేడాది మా అక్క బ్యాంకు పరీక్షకి అప్లై చేసింది. అప్లై చేసింది అంటే, వివరాలన్నీ ఫోన్లో చెప్పింది, ఫారం నింపింది నేను. "ఇంజినీరింగ్ చదువుతున్నావు కదరా, నెట్ సెంటర్ వాడికి నూట యాభై ఎందుకివ్వాలి" అన్నది ఆవిడ వాదన. నిజమే కదా అనుకున్నాను. చివరి తేదీకి ముందు రోజు రాత్రి హాస్టల్లో కూర్చుని మొదలుపెట్టాను. పేరు, పుట్టిన తేదీ, మార్కులు అన్నీ అరగంటలో అయిపోయాయి. ఫోటో, సంతకం దగ్గర రెండున్నర గంటలు పట్టింది. చివరికి ఎలాగోలా ఎక్కించాను. ఎలాగోలా అన్న మాటకి ఫలితం నెలన్నర తర్వాత కాల్ లెటర్‌లో కనిపించింది.

అక్క ఫోన్ చేసి మొదట అన్న మాట: "ఒరేయ్, నా మొహం పూరీలా పొంగించావేంట్రా?"

అక్కడితో అయిపోతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. పరీక్ష సెంటర్ దగ్గర ఆధార్ కార్డు చూస్తున్నాయన కాల్ లెటర్‌లోని ఫోటోని, కార్డుని, అక్కని మూడుసార్లు మార్చి మార్చి చూశారట. పక్కకి నిలబెట్టి ఇంకొకాయన్ని పిలిచారు. సంతకం పెట్టమన్నారు. కాల్ లెటర్‌లో ఉన్న సంతకం నేను చిన్నది చేసిన తీరుకి సగం గీతలు ఎగిరిపోయి, చుక్కల ముగ్గులా ఉంది. చివరికి లోపలికి పంపారు గానీ, ఆ పదిహేను నిమిషాల వణుకు మొదటి సెక్షన్ మొత్తం పోలేదని అక్క ఇప్పటికీ అంటుంది. పంపకపోయినా వాళ్ళ తప్పేమీ లేదు. ఫోటో, సంతకం సరిపోలకపోతే అనుమతించబోమని నోటిఫికేషన్‌లో రాసే ఉంటుంది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత కూర్చుని వెతికాను. మన కాలేజీలో ఫైనల్ ఇయర్ వాళ్ళు సగం మంది ఇప్పుడు ఏదో ఒక ఫారం ముందు కూర్చునే ఉంటారు కాబట్టి, నేను చేసిన తప్పులు వరసగా చెప్తాను. లెక్కలు కొన్ని వస్తాయి. అన్నీ ఏడో తరగతి లెక్కలే.

ముందు, ఫారం ఏమడుగుతుంది? ఐబీపీఎస్ వాళ్ళ నోటిఫికేషన్ తీసుకుందాం, ఎందుకంటే చాలా ఫారాలు దాదాపు ఇదే పద్ధతిలో ఉంటాయి. ఫోటో 200 × 230 పిక్సెళ్ళు, ఫైలు 20 నుంచి 50 కేబీ మధ్య. సంతకం 140 × 60 పిక్సెళ్ళు, 10 నుంచి 20 కేబీ మధ్య. పిక్సెళ్ళ పక్కన `preferred` అని ఉంటుంది, అంటే అలా ఉంటే మంచిది అని. కేబీల పక్కన ఆ మాట ఉండదు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, సంతకం దగ్గరికి వచ్చేసరికి ఇదే మనల్ని కాపాడుతుంది.

ఇక్కడ రెండు వేర్వేరు కొలతలున్నాయి. పిక్సెళ్ళంటే బొమ్మలో అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అన్న లెక్క. కేబీ అంటే ఆ చుక్కలన్నింటినీ రాసి పెట్టడానికి ఫైలు ఎంత చోటు తీసుకుంది అన్న లెక్క. ఒకే 200 × 230 ఫోటో 8 కేబీ కావచ్చు, 40 కేబీ కూడా కావచ్చు. జేపెగ్ పద్ధతి బొమ్మని ఎనిమిది బై ఎనిమిది పిక్సెళ్ళ గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా ఆనని వివరాల్ని పారేస్తుంది. ఎంత పారేయాలో చెప్పేదే క్వాలిటీ అనే అంకె. తెల్ల గోడలాంటి గడికి రాయడానికి ఏమీ ఉండదు కాబట్టి అది దాదాపు ఖర్చు లేకుండా పోతుంది. జుట్టు, చీర అంచు, కళ్ళు ఉన్న గడులే చోటు తింటాయి. అందుకే మీ రూమ్మేట్ ఫోటో 22 కేబీ వచ్చిందని అదే సెట్టింగుతో మీదీ అంతే వస్తుందని అనుకోవద్దు. వాడు గళ్ళ చొక్కా వేసుకుని ఉండొచ్చు.

ఇప్పుడు పూరీ సంగతి.

స్టూడియో వాళ్ళు అక్కకిచ్చిన సాఫ్ట్ కాపీ 413 × 531 పిక్సెళ్ళు. ఇది వింత అంకెలా కనిపిస్తుంది గానీ, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పాస్‌పోర్ట్ ఫోటోని అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కేస్తే సరిగ్గా ఇదే వస్తుంది. నేనేం చేశానంటే, పెయింట్‌లో తెరిచి, `Resize` నొక్కి, `Pixels` ఎంచుకుని, `Maintain aspect ratio` టిక్కు తీసేసి, 200, 230 అని కొట్టాను. టిక్కు ఎందుకు తీశానంటే, అది ఉంటే 200 కొట్టగానే రెండోది 257 అయిపోతోంది. ఫారం 230 అడిగింది కదా. టిక్కు తీసేస్తే చెప్పినట్టు వింటోంది. కంప్యూటర్ చెప్పినట్టు విందని సంతోషించాను.

అసలది ఎందుకు మొండికేసిందో ఒక్క నిమిషం ఆలోచిస్తే బాగుండేది. 413 ని 200 చేశామంటే వెడల్పు 0.484 వంతు అయింది. 531 ని 230 చేశామంటే ఎత్తు 0.433 వంతు అయింది. రెండింటి మధ్య తేడా 12 శాతం దాకా ఉంది. అంటే అక్క మొహం ఉండాల్సినదానికంటే 12 శాతం వెడల్పుగా తయారైంది. స్క్రీన్ మీద తపాలా బిళ్ళంత బొమ్మలో నాకది తెలియలేదు. కాల్ లెటర్ ప్రింటు తీస్తే తెలిసింది.

స్టూడియో ఫోటో ఆకారం వేరు, ఫారం అడిగే ఆకారం వేరు. ఫారంది కొంచెం పొట్టి. అందుకని నొక్కడం కాదు, కోయాలి. ముందు అదే నిష్పత్తిలో క్రాప్ చేసి, తర్వాతే చిన్నది చేయాలి. అక్క ఫోటోకే లెక్క కడదాం. వెడల్పు 413 మొత్తం ఉంచుకుంటే, ఎత్తు ఎంతుండాలి? 413 ని 230 తో గుణించి 200 తో భాగిస్తే 475. ఉన్నది 531, కావలసింది 475, అంటే 56 పిక్సెళ్ళు తీసేయాలి. ఎక్కడి నుంచి? ఎక్కువ భాగం కింద నుంచి, చొక్కా గుండీల దగ్గర. తల పైన ఖాళీ గోడ ఎక్కువుంటే పైన ఓ పదో ఇరవయ్యో తీయొచ్చు. జుట్టుకి మాత్రం కత్తెర తగలకూడదు. మధ్యలోంచి క్రాప్ చేసే యాప్‌లు పైనా కిందా చెరి 28 తీసేస్తాయి. ఆడపిల్లలు కొప్పు పెట్టుకునో, మనవాళ్ళు జుట్టు పైకి దువ్వుకునో ఉంటే అక్కడ తల నరుక్కుపోతుంది.

కమాండ్ లైన్ అలవాటున్నవాళ్ళకి ఇమేజ్‌మ్యాజిక్‌లో ఇది ఒక్క వరస:

```
magick akka.jpg -auto-orient -crop 413x475+0+10 +repage -resize 200x230 -strip -quality 98 photo.jpg
```

`+0+10` అంటే ఎడమ నుంచి ఏమీ వదలకుండా, పై నుంచి 10 పిక్సెళ్ళు వదిలి కోయమని. మిగతా 46 కింద నుంచి పోతాయి. పాత ఉబుంటులో `magick` దొరకకపోతే దాని బదులు `convert` అని కొట్టండి. `-auto-orient` ఎందుకంటే, ఫోన్ అడ్డంగా తిప్పి తీసిన ఫోటోని ఫోన్ నిజంగా తిప్పదు, తిప్పి చూపించమని ఫైల్లో ఒక చీటీ రాసి పెడుతుంది. ఆ చీటీ చదవని వెబ్‌సైట్లో ఫోటో పడుకుని కనిపిస్తుంది. ఈ కమాండ్ నిజంగానే తిప్పేస్తుంది.

కమాండ్లు వద్దనుకునేవాళ్ళు గింప్ పెట్టుకోండి, ఉచితమే. క్రాప్ టూల్ ఆప్షన్లలో `Fixed` దగ్గర `Aspect ratio` ఎంచుకుని 200:230 అని కొడితే, గీసే పెట్టె ఎప్పుడూ ఆ ఆకారంలోనే ఉంటుంది. దాన్ని మొహం మీదకి జరుపుకుని కోసేసి, తర్వాత `Image` మెనూలో `Scale Image` దగ్గర 200 కొడితే రెండోది దానంతటదే 230 అవుతుంది. ఒక పిక్సెల్ అటూ ఇటూ వచ్చినా పర్లేదు. కానీ 257 లాంటిది వచ్చిందంటే క్రాప్ సరిగ్గా జరగలేదని అర్థం. నా కేసులో టిక్కు చెప్పబోయింది ఇదే. నేను దాని నోరు మూయించాను.

ఇక కేబీ. అందరూ ఫైలు పెద్దదై తిప్పలు పడతారని అనుకుంటాం. నాకు ఎదురైంది ఉల్టా. పెయింట్‌లో సేవ్ చేసిన 200 × 230 ఫోటో 11 కేబీ వచ్చింది. ఫారం కనీసం 20 అంటోంది. ఫోటోలో ఉన్నదే 46,000 పిక్సెళ్ళు, అందులో సగం తెల్ల గోడ, మామూలు క్వాలిటీలో 20 కేబీ ఎక్కడి నుంచి వస్తుంది? పెయింట్‌లో క్వాలిటీ మార్చుకునే చోటు లేదు. అది ఇచ్చిందే తీసుకోవాలి. గింప్‌లో అయితే `Export As` నొక్కి జేపీజీ పేరు ఇస్తే క్వాలిటీ జరుపుకునే బద్ద వస్తుంది. కింద `Show preview in image window` టిక్ చేస్తే ఆ క్వాలిటీకి ఫైలు ఎంతవుతుందో అప్పటికప్పుడు చూపిస్తుంది. అక్క ఫోటోకి తర్వాత నేను చూసుకున్న లెక్క: 90 దగ్గర 11 కేబీ, 95 దగ్గర 16, 98 దగ్గర 24, నూటికి నూరు పెడితే 36. అంటే 98 చాలు. మీ ఫోటోకి ఈ అంకెలు మారతాయి, మారే దిశ మాత్రం ఇదే.

ఇక్కడ నేను పడిన ఒక గొయ్యి ఉంది, ఈ గోతిలో మా ఫ్లోర్‌లో ఇంకో ఇద్దరు పడ్డారని తర్వాత తెలిసింది. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి `Properties` చూస్తే రెండు అంకెలుంటాయి, `Size` అని ఒకటి, `Size on disk` అని ఒకటి. ఆ రాత్రి ఒక దశలో నా ఫోటో 18.3 కేబీ. నేను చూసింది కింద ఉన్న `Size on disk`. అక్కడ 20.0 కేబీ అని ఉంది. ఫారమేమో చిన్నదంటుంది, నేనేమో ఇరవై ఉంది కదా అంటాను. పేజీ రిఫ్రెష్ చేశాను, బ్రౌజర్ మార్చాను, వైఫై తీసేసి మొబైల్ డేటా పెట్టాను, సర్వర్‌ని తిట్టాను. నిజానికి డిస్కు చోటుని నాలుగేసి కేబీల గదులుగా ఇస్తుంది. 18.3 కేబీకి ఐదు గదులు పడతాయి, ఐదు నాలుగులు ఇరవై. ఐదో గదిలో దాదాపు సగం ఖాళీయే. ఫారానికి కావలసింది పైన ఉన్న `Size`. ఇంకో చిన్న మాట, ఒక కేబీ అంటే కొందరు 1000 బైట్లు అంటారు, కొందరు 1024 అంటారు. ఫారం రాసినవాళ్ళు ఏ పార్టీయో మనకి తెలీదు కాబట్టి 20.1 దగ్గరా 49.8 దగ్గరా ఆగకండి. 25 నుంచి 45 మధ్య ఎక్కడైనా ఉంటే ఏ గొడవా లేదు.

ఆ రాత్రి చివరికి నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కేబీ పెంచే వెబ్‌సైట్ ఒకటి వెతికి, అక్క ఫోటో, సంతకం రెండూ అందులో పడేశాను. పెంచి ఇచ్చింది. జేపెగ్ ఫైలు చివర అర్థం లేని బైట్లు ఎన్ని అతికించినా బొమ్మ తెరిచే ప్రోగ్రాములు పట్టించుకోవు. అలా బరువు పెంచితే ఫారం ఒప్పుకోవచ్చు, బొమ్మ మాత్రం ఒక్క వెంట్రుక కూడా బాగుపడదు. అది కూడా పర్లేదు. ఒక మనిషి ఫోటో, సంతకం పక్క పక్కనే పెట్టి, ఎవరు నడుపుతున్నారో తెలియని చోటికి పంపాను. వాళ్ళు ఏం చేశారని నేను అనడం లేదు. ఇంట్లో రెండు నిమిషాల్లో అయ్యే పనికి అది పంపాల్సిన అవసరమే లేదంటున్నాను.

సంతకం అసలు కష్టం.

అక్క తెల్ల కాగితం మీద బాల్ పెన్‌తో సంతకం పెట్టి, ఫోన్‌తో తీసి, వాట్సాప్‌లో పంపింది. ట్యూబ్‌లైట్ వెనక, ఫోన్ ముందు, కాగితం మీద ఫోన్ నీడ. కాగితం ఓ మూల తెలుపు, ఓ మూల బూడిద రంగు. నేను దాన్ని 140 × 60 చేశాను. ఫైలు 4 కేబీ వచ్చింది, గీతలు పోయాయి.

గీతలు ఎందుకు పోయాయో లెక్క చూడండి. ఏడు సెంటీమీటర్ల వెడల్పు కాగితం ముక్కని 140 పిక్సెళ్ళు చేశామంటే మిల్లీమీటరుకి రెండు పిక్సెళ్ళు. బాల్ పెన్ గీత అర మిల్లీమీటరు ఉంటుంది. అంటే గీత మొత్తానికి వచ్చేది ఒకే ఒక్క పిక్సెల్. ఆ గీత సరిగ్గా పిక్సెల్ మధ్యలో పడితే నల్లగా ఉంటుంది, రెండు పిక్సెళ్ళ మధ్య పడితే రెండూ సగం సగం బూడిద రంగు అవుతాయి. చేయి తేలిగ్గా ఆడించిన చోట అది కూడా ఉండదు. చుక్కల ముగ్గు అలా వచ్చింది.

కేబీ సంగతి ఇంకా ఇబ్బంది. 140 ని 60 తో గుణిస్తే 8,400 పిక్సెళ్ళు. ఫారం కనీసం 10 కేబీ, అంటే పది వేల పైచిలుకు బైట్లు అడుగుతోంది. పిక్సెల్ ఒక్కింటికి ఒక బైటు కంటే ఎక్కువ. ముప్పాతిక భాగం తెల్ల కాగితమే ఉన్న బొమ్మలో జేపెగ్‌కి అంత రాయడానికి ఏముంటుంది? క్వాలిటీ నూరు పెట్టినా అక్క సంతకం 4 కేబీ దాటలేదు. రెండు నియమాల్నీ ఒకేసారి పాటించడం శుభ్రమైన సంతకానికి దాదాపు కుదరని పని. ఇక్కడే ఆ `preferred` అన్న మాట అక్కరకొస్తుంది. కేబీ హద్దు ఫారం కొలిచి చూసి ఆపేస్తుంది. పిక్సెళ్ళు ఉంటే మంచిదని మాత్రమే అంది. కాబట్టి ఆకారం అదే ఉంచి, పిక్సెళ్ళు పెంచాలి. 140:60 అంటే 7:3. అదే నిష్పత్తిలో 280 × 120 చేస్తే అక్క సంతకం 9.6 కేబీ వచ్చింది, కొంచెంలో తప్పింది. 350 × 150 చేస్తే 13 కేబీ. సరిగ్గా మధ్యలో పడింది. పైగా గీతకి ఒకటి బదులు రెండున్నర పిక్సెళ్ళు దొరికాయి, ముగ్గు మళ్ళీ సంతకం అయింది. కొలత ఖచ్చితంగా ఇంతే ఉండాలని రాసిన ఫారాల్లో ఈ ఉపాయం పనికిరాదు. అక్కడ పిక్సెళ్ళు వాళ్ళు చెప్పినన్నే ఉంచి, పెన్నే లావుది వాడాలి.

ఇంత తెలిశాక ఇప్పుడు మేం పాటిస్తున్న పద్ధతి ఇది. గీతల్లేని తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో ఏడు సెంటీమీటర్ల వెడల్పు, మూడు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టె సన్నగా గీయాలి. నల్ల ఇంకు జెల్ పెన్‌తో, పెట్టె వెడల్పు దాదాపు నిండేలా సంతకం పెట్టాలి. మనలో చాలామంది మూల ఒదిగి చిన్నగా పెడతారు, అప్పుడు పిక్సెళ్ళన్నీ ఖాళీ కాగితానికే పోతాయి. నీలం ఇంకు వద్దు, నోటిఫికేషన్‌లో నల్ల ఇంకు అనే ఉంటుంది. అన్నీ పెద్దబడి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టే సంతకం కూడా ఒప్పుకోమని రాసి ఉంటుంది. మా అక్క మామూలు సంతకం అలాంటిది కాదు గానీ, ఫారం అనగానే భయంతో గుండ్రంగా రాసేసే అలవాటుంది. పరీక్ష హాల్లో మళ్ళీ అదే చేత్తో అదే సంతకం పెట్టాలి కదా, కాబట్టి బ్యాంకు పుస్తకం మీద ఎలా పెడతామో అలాగే పెట్టాలి.

ఫోటో తీసేటప్పుడు పగలు, కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట కాగితం పెట్టాలి. ఫోన్ కాగితానికి సమాంతరంగా పట్టుకోవాలి. పెన్సిల్ పెట్టె స్క్రీన్ మీద నిజంగా పెట్టెలా కనిపిస్తే సమాంతరంగా ఉన్నట్టు, ఒకవైపు వాలిపోతే లేనట్టు. మరీ దగ్గరికి వెళ్తే ఫోన్ నీడ పడుతుంది, అందుకని ఓ అడుగు పైన పట్టుకుని, తర్వాత పెట్టె గీతకి కాస్త లోపలగా క్రాప్ చేసుకుంటే ఆకారం దానంతటదే 7:3 వస్తుంది. తీసిన ఫోటో వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని నొక్కేసి పంపుతుంది. క్రాప్ అయ్యాక కాగితం బూడిద రంగు పోగొట్టడానికి:

```
magick sign.jpg -auto-orient -level 30%,70% -resize 350x150 -strip -quality 100 sign_350.jpg
```

ఇందులో `-level 30%,70%` అంటే, వెలుతురు 30 శాతం కంటే తక్కువున్నదంతా పూర్తి నలుపు చెయ్యి, 70 శాతం కంటే ఎక్కువున్నదంతా పూర్తి తెలుపు చెయ్యి అని. గింప్‌లో ఇదే పని `Colors` మెనూలో `Levels` చేస్తుంది. రెండో అంకెతో కొంచెం ఆడుకోవాలి. మూల ఇంకా మురికిగా కనిపిస్తుంటే 70 ని 60 చేయండి. సన్న గీతలు మాయమవుతుంటే 80 చేయండి. రెండూ ఒకేసారి జరుగుతుంటే, అంటే ఓ మూల మురికి పోకముందే ఇంకో చివర గీతలు పోతుంటే, ఏ అంకే పనిచేయదు. కాగితం మీద నీడ ఉందన్నమాట. మళ్ళీ ఫోటో తీయడమే, అది రెండు నిమిషాల పని, అంకెలతో గంటసేపు కుస్తీ పట్టొద్దు.

ఫైలు రకం గురించి కూడా ఒక మాట. ఐఫోన్లు చాలావరకు `.heic` అనే రకంలో ఫోటో దాస్తాయి, స్క్రీన్‌షాట్లేమో ఎక్కువగా `.png`. పేరు చివర చెరిపేసి `.jpg` అని రాస్తే లోపలున్నది మారదు. సంచి మీద సోనా మసూరి అని రాసినంత మాత్రాన లోపలి బియ్యం మారవు కదా. కొన్ని ఫారాలు పేరు చూసి ఒప్పేసుకుంటాయి, తర్వాత ప్రివ్యూలో ఖాళీ గడి కనిపిస్తుంది. లైనక్స్‌లో అయితే `file photo.jpg` అని కొడితే లోపల నిజంగా ఏముందో చెప్పేస్తుంది. జేపెగ్ అయితే సరే, లేకపోతే గింప్‌లో తెరిచి జేపీజీగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. అన్నీ అయ్యాక చివరి తనిఖీకి:

```
identify -format "%w x %h, %b\n" photo.jpg sign_350.jpg
```

వెడల్పు, ఎత్తు, అసలు బైట్లు వరసగా వస్తాయి. డిస్కు గదుల గొడవ ఉండదు.

ఒక విషయం మాత్రం కమాండ్లు చెప్పవు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ప్రతిసారీ అసలు ఫైలు నుంచే మొదలుపెట్టాలి. నేనారోజు చిన్నది చేసిన దాన్నే మళ్ళీ పెద్దది చేసి, నచ్చక మళ్ళీ చిన్నది చేసి, సేవ్ కొట్టిన ప్రతిసారీ జేపెగ్ ఇంకాస్త పారేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఒకసారి 140 పిక్సెళ్ళకి దిగిన సంతకాన్ని తిరిగి 350 కి సాగదీస్తే పోయిన గీతలు తిరిగి రావు, పొగ పట్టినట్టు అవుతుంది అంతే. అలాగే ఫారం ప్రివ్యూ చూపించినప్పుడు నూటికి నూరు సైజులో చూసి వదిలేయకండి. బ్రౌజర్‌ని 300 శాతానికి జూమ్ చేసి, పక్కన స్టూడియో ఫోటో పెట్టుకుని చూడండి. చెవి నుంచి చెవికి ఎంతుంది, గడ్డం నుంచి నుదురుకి ఎంతుంది అని స్క్రీన్ మీద వేలితో కొలిచినా చాలు. నేనప్పుడు ఇది చేసుంటే పూరీ అక్కడే దొరికిపోయేది.

ఈ మధ్య కొన్ని పరీక్షలు ఫోటోని అప్పటికప్పుడు కెమెరాతో తీయించుకుంటున్నాయి. ఎస్ఎస్‌సీ వాళ్ళు అలాగే చేస్తున్నారు. అక్కడ ఫోటో బాధ తప్పింది గానీ సంతకం ఇంకా మనమే ఎక్కించాలి. అంటే పై గొడవలో కష్టమైన సగం మనకే మిగిలింది.

ఈ ఏడాది అక్క మళ్ళీ రాస్తోంది. మొన్న ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పెన్సిల్ పెట్టె గీసి, సంతకం పెట్టమన్నాను. "మళ్ళీ నువ్వేనా?" అంది. పెట్టింది. 350 × 150, 13 కేబీ. ఫోటో 200 × 230, 24 కేబీ. ఈసారి ఫారం సబ్మిట్ కొట్టే ముందు ప్రివ్యూ తనే పెద్దది చేసి, అమ్మకి చూపించి, "మొహం నాదేనా అమ్మా?" అని అడిగాకే నన్ను నొక్కనిచ్చింది.